ఫుల్‌స్క్రీనా? బోర్డర్‌లెస్సా?

కంప్యూటర్‌లో ఏ గేమ్ తెరిచినా సెట్టింగ్స్‌లో వీడియో దగ్గరికి వెళ్తే డిస్‌ప్లే మోడ్ అని ఒక వరుస ఉంటుంది. దాన్ని నొక్కితే మామూలుగా మూడు పేర్లు కనబడతాయి: ఫుల్‌స్క్రీన్, విండోడ్, బోర్డర్‌లెస్. ఈ మూడోదాన్నే కొన్ని గేముల్లో ఫుల్‌స్క్రీన్ విండోడ్ అంటారు, కొన్నింట్లో విండోడ్ ఫుల్‌స్క్రీన్ అంటారు. మొదటిది పెట్టి చూసినా మూడోది పెట్టి చూసినా కంటికి తేడా తెలియదు. రెండింట్లోనూ బొమ్మ తెర నిండా ఉంటుంది, కింద టాస్క్‌బార్ ఉండదు. అయినా హాస్టల్ గదిలో నలుగురు గేమర్లు చేరితే వీటి మీద వాదన తప్పదు. "ఫుల్‌స్క్రీన్ పెట్టరా, ల్యాగ్ పోతుంది" అని ఒకడంటాడు. "బోర్డర్‌లెస్ పెట్టు, ఆల్ట్-ట్యాబ్ కొట్టినా గేమ్ చావదు" అని ఇంకొకడంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కాకపోతే అది పాత విండోస్ నాటి నిజం. ఈ పదేళ్లలో తెర వెనక చాలా మారింది. ఇప్పుడు మెనూలో మీరు ఎంచుకునే పేరు ఒకటి, విండోస్ లోపల జరిగేది మరొకటి కావచ్చు. ఆ లోపల జరిగేదేమిటో, దాన్ని ఎలా కనిపెట్టాలో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు గేమ్ గీసిన బొమ్మ మానిటర్‌కి చేరే దారి చూద్దాం. గ్రాఫిక్స్ కార్డు ఒక ఫ్రేమ్ గీయడం పూర్తిచేస్తే అది నేరుగా తెర మీదికి పోదు. విండోస్‌లో డెస్క్‌టాప్ విండో మేనేజర్ అనే ప్రోగ్రాం ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే `dwm.exe` అని కనబడేది అదే. బ్రౌజర్, వాట్సాప్, గడియారం, మౌస్ కింద మెరిసే మెనూ, అన్నీ తమతమ బొమ్మలను దానికి అప్పజెబుతాయి. అది వాటన్నింటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి ఒకే బొమ్మగా చేసి మానిటర్‌కి పంపుతుంది. ఇది విస్టాతో వచ్చింది. విస్టాలోనూ విండోస్ 7లోనూ కావాలంటే ఆపేసుకునే వీలుండేది. 2012లో విండోస్ 8 వచ్చాక ఆ వీలు పోయింది.

మన పెళ్లిళ్లలో మండపం పక్కన ఎల్‌ఈడీ తెర పెడుతున్నారు కదా, అక్కడ జరిగేది సరిగ్గా ఇదే. మూడు కెమెరాల కేబుళ్లు మిక్సింగ్ యూనిట్‌కి వస్తాయి. మిక్సింగ్ చేసే అతను వాటిని కలిపి, మూలన వధూవరుల పేర్లు వేసి, తయారైన బొమ్మను తెరకి పంపుతాడు. అందుకే తలంబ్రాలు వేదిక మీద పడ్డాక ఒక లిప్తపాటు ఆగి తెర మీద పడతాయి. ఒక కెమెరా కేబుల్‌ని తీసి నేరుగా తెరకే తగిలిస్తే ఆ ఆలస్యం పోతుంది. కాని అప్పుడు పేర్లుండవు, రెండో కెమెరా ఉండదు. మళ్లీ పాత పద్ధతికి రావాలంటే కేబుల్ పీకి మార్చాలి, అంతసేపూ తెర నల్లగా ఉంటుంది. మొదటి పద్ధతి బోర్డర్‌లెస్, రెండోది ఎక్స్‌క్లూజివ్ ఫుల్‌స్క్రీన్.

ఎక్స్‌క్లూజివ్ అంటే పేరుకు తగ్గట్టే మానిటర్ పూర్తిగా గేమ్ సొంతం. రిజల్యూషన్ ఎంత, సెకనుకు తెర ఎన్నిసార్లు తాజా కావాలి, రంగుల వెలుగు ఎంత అన్నది గేమే నిర్ణయిస్తుంది. డెస్క్‌టాప్ విండో మేనేజర్ పక్కకు తప్పుకుంటుంది. గేమ్ గీసిన ఫ్రేమ్ ఉన్న మెమరీని చూపించి "ఇకనుంచి ఇక్కడినుంచి చదువు" అని డిస్‌ప్లే హార్డ్‌వేర్‌కి చెబితే చాలు, బొమ్మ మారిపోతుంది. కాపీ చేయడమనేదే లేదు. దీన్ని ఫ్లిప్ అంటారు.

పాత తరహా బోర్డర్‌లెస్‌లో ఇంకో రెండు పనులుంటాయి. గేమ్ గీసిన ఫ్రేమ్‌ని ముందు విండోకి చెందిన మరో మెమరీలోకి కాపీ చేస్తారు. తర్వాత డెస్క్‌టాప్ విండో మేనేజర్ తన వంతు వచ్చినప్పుడు దాన్ని తీసుకుని మిగతా డెస్క్‌టాప్‌తో కలిపి కొత్త బొమ్మ చేస్తుంది. ఆ బొమ్మ మానిటర్ తర్వాతి రిఫ్రెష్‌కి బయటికి వస్తుంది. ఫలితంగా సుమారు ఒక రిఫ్రెష్ అంత ఆలస్యం అదనంగా పడుతుంది. 60 హెర్ట్జ్ మానిటర్ మీద ఒక రిఫ్రెష్ అంటే 16.7 మిల్లీసెకన్లు. 144 హెర్ట్జ్ మీద 6.9, 240 మీద 4.2. కాబట్టి బోర్డర్‌లెస్ పెట్టే ఆలస్యం ఇంత అని అందరికీ ఒకే అంకె చెప్పడం కుదరదు, అది మీ మానిటర్‌ని బట్టి ఉంటుంది. మామూలు 60 హెర్ట్జ్ ల్యాప్‌టాప్ మీద షూటింగ్ గేమ్ ఆడేవాడికి మౌస్ కాస్త బరువైనట్టు తెలుస్తుంది. 240 హెర్ట్జ్ వాడికి తెలియడం కష్టం.

ఈ కలిపే పద్ధతికి ఒక మంచి గుణం కూడా ఉంది. గేమ్‌లో వీసింక్ ఆపేసి, కార్డు సెకనుకు 200 ఫ్రేములు గీస్తున్నా 60 హెర్ట్జ్ తెర మీద బొమ్మ చిరగదు. డెస్క్‌టాప్ విండో మేనేజర్ ప్రతి రిఫ్రెష్‌కి తాజాగా పూర్తయిన ఫ్రేమ్ ఒక్కటి మాత్రమే తీసుకుంటుంది, మిగతావి వృథా. ఎక్స్‌క్లూజివ్‌లో వీసింక్ ఆపితే తెర సగం గీసి ఉండగానే కొత్త ఫ్రేమ్ వచ్చి పడుతుంది. పైసగం పాత బొమ్మ, కిందిసగం కొత్తది. దీన్నే టేరింగ్ అంటారు. చూడటానికి బాగుండదు గానీ, కిందిసగంలో ఉన్నది దొరికినంతలో తాజా సమాచారం. ఆలస్యం అన్నిటికంటే తక్కువ ఉండేది ఇక్కడే. పోటీలు ఆడేవాళ్లు చిరిగిన బొమ్మను ఓర్చుకునేది అందుకే.

ఇంతవరకు చెప్పింది పాత కథ. మైక్రోసాఫ్ట్ ఆ కాపీని తీసేసే పని విండోస్ 8తోనే మొదలుపెట్టింది. విండోలో నడిచే ప్రోగ్రాం కూడా ఫ్లిప్ వాడుకునే వీలు అప్పుడు వచ్చింది. తర్వాత వచ్చిన మెరుగులతో, తెర నిండా ఉన్న విండో మీద ఇంకేమీ లేదని విండోస్‌కి తెలిస్తే, కలిపే పని మానేసి గేమ్ ఫ్రేమ్‌నే నేరుగా మానిటర్‌కి ఇచ్చేయడం మొదలైంది. దీని పేరు ఇండిపెండెంట్ ఫ్లిప్. 2016లో విండోస్ 10 ఈ పద్ధతిలో టేరింగ్‌ని కూడా అనుమతించింది. అంటే పేరుకు బోర్డర్‌లెస్, ఆలస్యంలో మాత్రం ఎక్స్‌క్లూజివ్‌కి తీసిపోదు. 2015లో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12లో ఫ్లిప్ తప్ప పాత కాపీ పద్ధతి లేనే లేదు.

అక్కడితో ఆగలేదు. విండోస్ 10లోనే ఫుల్‌స్క్రీన్ ఆప్టిమైజేషన్స్ అని ఒకటి తెచ్చారు. గేమ్ "నాకు ఎక్స్‌క్లూజివ్ కావాలి" అని అడుగుతుంది. విండోస్ సరేనంటుంది. లోపల మాత్రం దాన్ని ఫ్లిప్ వాడే బోర్డర్‌లెస్‌గా నడుపుతుంది, గేమ్‌కి ఆ సంగతి తెలియదు. ఇది మీ గేమ్‌లో జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఫుల్‌స్క్రీన్‌లో ఆడుతూ కీబోర్డు మీద వాల్యూమ్ బటన్ నొక్కండి. విండోస్ వాల్యూమ్ గీత గేమ్ మీద తేలితే మీరున్నది అసలు ఎక్స్‌క్లూజివ్ కాదు. ఎక్స్‌క్లూజివ్‌లో తెర గేమ్ సొంతం కనుక ఆ గీతకి చోటు ఉండదు. మెనూలో ఫుల్‌స్క్రీన్ పెట్టుకుని తామేదో ఎక్స్‌క్లూజివ్‌లో ఆడుతున్నామనుకునేవాళ్లు చాలామంది ఈ బటన్ నొక్కి ఆశ్చర్యపోతారు.

2022లో విండోస్ 11కి వచ్చిన 22H2 అప్‌డేట్ రెండో వైపు నుంచి వచ్చింది. డైరెక్ట్‌ఎక్స్ 10, 11 గేములు విండోలో పాత కాపీ పద్ధతి వాడుతుంటే వాటిని విండోసే ఫ్లిప్‌లోకి మార్చే ఏర్పాటు అందులో ఉంది. Settings, System, Display, Graphics అనే దారిలో వెళ్తే `Optimizations for windowed games` అన్న మీట ఉంటుంది. దాన్ని ఆన్ చేసి గేమ్‌ని మూసి మళ్లీ తెరవాలి. డైరెక్ట్‌ఎక్స్ 9 గేములకు ఇది పనిచేయదు.

ఇప్పుడు ఒక గేమ్‌ని పట్టుకుని చూద్దాం. 2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5 ఇప్పటికీ మన కుర్రాళ్ల ల్యాప్‌టాపుల్లో ఉంది. ఆ పాత వెర్షన్ డైరెక్ట్‌ఎక్స్ 11 మీద నడుస్తుంది, స్క్రీన్ టైప్ అని ఫుల్‌స్క్రీన్, విండోడ్, విండోడ్ బోర్డర్‌లెస్ మూడూ ఇస్తుంది. లోపల ఏ దారి నడుస్తోందో చెప్పే ఉచిత సాధనం ప్రెజెంట్‌మాన్, ఇంటెల్‌ది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇలా నడపాలి:

```
PresentMon.exe --process_name GTA5.exe --output_file gta.csv
```

ఫైలు పేరులో మీరు దించుకున్న వెర్షన్ నంబరు కూడా ఉంటుంది, దాన్ని అలాగే రాయాలి. గేమ్‌ని బోర్డర్‌లెస్‌లో పెట్టి ఓ నిమిషం ఆడి బయటికి వచ్చి, తయారైన ఫైలుని ఎక్సెల్‌లో తెరవండి. ప్రతి ఫ్రేమ్‌కి ఒక వరుస ఉంటుంది. అన్ని నిలువు వరుసలూ చదవక్కర్లేదు, `PresentMode` ఒక్కటి చాలు. అక్కడ `Composed: Copy with GPU GDI` అని ఉంటే గేమ్ పాత కాపీ దారిలో ఉంది. ఆ కాలపు డైరెక్ట్‌ఎక్స్ 11 గేములు బోర్డర్‌లెస్‌లో మామూలుగా చూపేది ఇదే. ఇప్పుడు పైన చెప్పిన మీట వేసి, గేమ్ మళ్లీ తెరిచి ఇంకో నిమిషం రాయించండి. మీట పనిచేస్తే ఆ మాట పోయి `Hardware: Independent Flip` కానీ `Hardware Composed: Independent Flip` కానీ వస్తుంది. గేమ్ మెనూలో ఒక్క అక్షరం మార్చలేదు, అయినా సుమారు ఒక రిఫ్రెష్ అంత ఆలస్యం తగ్గింది. మూడోసారి మెనూలో ఫుల్‌స్క్రీన్ పెట్టి చూడండి. `Hardware: Legacy Flip` అని వస్తే అది పాతకాలపు అసలు ఎక్స్‌క్లూజివ్. ఇక్కడ కూడా `Independent Flip` అనే వచ్చిందంటే విండోస్ మీ గేమ్‌ని చల్లగా బోర్డర్‌లెస్‌లోకి మార్చేసిందన్నమాట. అలాంటప్పుడు ఫుల్‌స్క్రీన్, బోర్డర్‌లెస్ అని వాదించుకోవడంలో అర్థం లేదు. రెండూ ఒకే దారిలో నడుస్తున్నాయి.

ఈ ఫైల్లో ఇంకో విశేషం దొరుకుతుంది. ఆట మధ్యలో నోటిఫికేషన్ వచ్చినా, గేమ్ బార్ తెరిచినా, ఆ కొద్ది సేపు `Independent Flip` పోయి `Composed: Flip` అని పడవచ్చు. గేమ్ మీద ఇంకో వస్తువు తేలింది కాబట్టి విండోస్ మళ్లీ కలపడం మొదలుపెట్టింది. అది పోగానే నేరు దారికి తిరిగి వస్తుంది. కొత్త గ్రాఫిక్స్ చిప్పులు రెండు పొరల్ని హార్డ్‌వేర్‌లోనే కలపగలవు. అలాంటి చోట నోటిఫికేషన్ వచ్చినా నేరు దారి చెడదు, `Hardware Composed` అన్న మాటకు అర్థం అదే. ఎఫ్‌పీఎస్ అంకె చూపించే ఓవర్‌లేలు, చాట్ ఓవర్‌లేలు ఎప్పుడూ తెరిచి ఉంచేవాళ్లు మాత్రం వాటిని ఒకసారి ఆపి ఈ మాట మారుతుందేమో చూసుకోవాలి. ఓవర్‌లే గేమ్ ఫ్రేమ్‌లోనే గీసే రకమైతే ఈ ఇబ్బంది రాదు, వేరే విండోగా తేలేదైతే వస్తుంది.

ఆలస్యం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒక రిఫ్రెష్ గురించి ఇంత మల్లగుల్లాలు పడేవాళ్లు దానికంటే పెద్దదాన్ని పట్టించుకోరు. డైరెక్ట్‌ఎక్స్ మామూలుగా మూడు ఫ్రేముల పని వరకు ముందే వరుసలో పెట్టుకోనిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు నూటికి నూరు శాతం పనిలో ఉంటే ఆ వరుస నిండిపోతుంది. 60 ఎఫ్‌పీఎస్ దగ్గర మూడు ఫ్రేములంటే 50 మిల్లీసెకన్లు. మీరు మౌస్ కదిపిన ఫలితం ఆ వరుసంతా దాటుకుని రావాలి. మీ కార్డు 70 ఎఫ్‌పీఎస్ దాకా లాగగలిగితే గేమ్‌లో ఫ్రేమ్ పరిమితిని 60కి పెట్టండి. కార్డుకి కొంచెం ఊపిరి దొరికి వరుస ఖాళీ అవుతుంది. ఎఫ్‌పీఎస్ అంకె తగ్గినా చేతికి ఆట తేలికవుతుంది. గేమ్‌లో ఎన్‌విడియా రిఫ్లెక్స్ ఉంటే అది చేసేది కూడా స్థూలంగా ఇదే. ఈ పని చేయకుండా ఎక్స్‌క్లూజివ్ మీద ఆశ పెట్టుకోవడం అనవసరం.

ఇక ఫ్రేమ్ రేటు. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్‌లో రెండు పద్ధతులకూ ఎఫ్‌పీఎస్ తేడా లెక్కలోకి వచ్చేంత ఉండదు. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న తక్కువ ధర ల్యాప్‌టాపుల్లో మాత్రం పాత కాపీ దారి బరువుగానే ఉంటుంది. లెక్క చూడండి. 1920×1080 తెర మీద 20 లక్షల 73 వేల పైచిలుకు చుక్కలున్నాయి, ఒక్కోదానికి 4 బైట్లు. ఒక ఫ్రేమ్ సుమారు 8.3 ఎంబీ. కాపీ చేయాలంటే చదవాలి, రాయాలి. డెస్క్‌టాప్ విండో మేనేజర్ కలపడానికి మళ్లీ చదవాలి, మళ్లీ రాయాలి. సెకనుకు 60 సార్లు ఇలా జరిగితే దాదాపు 2 జీబీ అటూ ఇటూ తిరుగుతుంది. ఒకే డీడీఆర్4-3200 ర్యామ్ స్టిక్ ఉన్న ల్యాప్‌టాప్‌లో మెమరీ దారి మొత్తం కలిపి సెకనుకు 25.6 జీబీ. గేమ్, ప్రాసెసర్, గ్రాఫిక్స్ అన్నీ దాన్నే పంచుకుంటున్నాయి. అందులో పన్నెండో వంతు దాకా కేవలం బొమ్మ మోయడానికి పోతే, అప్పటికే ఈడ్చుకుంటూ నడిచే గేమ్ ఇంకో మూడు నాలుగు ఫ్రేములు కోల్పోతే వింత లేదు. ఇలాంటి ల్యాప్‌టాప్‌లో ఫ్లిప్ దారి పట్టించడం వల్ల లాభం ఉంటుంది. రెండో స్టిక్ వేయిస్తే అంతకంటే చాలా ఎక్కువ లాభం ఉంటుంది, అది వేరే సంగతి.

"ఫుల్‌స్క్రీన్ పెడితే నా ఎఫ్‌పీఎస్ బాగా పెరిగింది" అని ప్రమాణం చేసేవాళ్లున్నారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అయితే దానికి కారణం చాలాసార్లు ఇంకోటి అయి ఉంటుంది. బోర్డర్‌లెస్ గేమ్ ఎప్పుడూ డెస్క్‌టాప్‌కి ఉన్న రిజల్యూషన్‌నీ రిఫ్రెష్ రేటునీ తీసుకుంటుంది. 144 హెర్ట్జ్ మానిటర్ కొని తెచ్చి కేబుల్ తగిలించి, విండోస్‌లో మాత్రం 60 దగ్గరే వదిలేసిన ఇళ్లు ఎన్నో. వాళ్లు బోర్డర్‌లెస్‌లో ఆడితే 60 రిఫ్రెష్‌లే వస్తాయి. ఎక్స్‌క్లూజివ్ పెట్టగానే గేమ్ తనంతట తానే 144ని అడిగి తీసుకుంటుంది, ఆట ఒక్కసారిగా వెన్నలా కనిపిస్తుంది. అదే మాదిరిగా డెస్క్‌టాప్ 4కేలో ఉండి, ఎక్స్‌క్లూజివ్‌లో గేమ్ 1080కి దిగితే కార్డు గీయాల్సిన చుక్కలు నాలుగో వంతుకి పడిపోతాయి. ఎఫ్‌పీఎస్ పెరగక ఏమవుతుంది? బోర్డర్‌లెస్‌లో కూడా గేమ్ లోపల రెండర్ స్కేల్ తగ్గిస్తే అదే పని అవుతుంది, పైగా తెర మీది రాతలు స్పష్టంగా మిగులుతాయి.

రిజల్యూషన్ విషయంలో ఎక్స్‌క్లూజివ్‌కి నిజంగానే ఒక బలం ఉంది. కౌంటర్-స్ట్రైక్ ఆడేవాళ్లలో చాలామంది 1280×960 పెట్టి, ఆ 4:3 బొమ్మను వెడల్పు తెర నిండా సాగదీసుకుంటారు. మనుషులు లావుగా కనబడతారు, గురిపెట్టడం తేలిక అని వాళ్ల నమ్మకం. మానిటర్ సిగ్నల్ రిజల్యూషన్‌నే మార్చే ఈ పని ఎక్స్‌క్లూజివ్ ఫుల్‌స్క్రీన్‌లో సహజంగా జరుగుతుంది. బోర్డర్‌లెస్‌లో కావాలంటే డెస్క్‌టాప్ రిజల్యూషన్ కూడా మార్చుకోవాలి, ఐకాన్లన్నీ చిందరవందర అవుతాయి.

ఇప్పుడు ప్రోగ్రాముల మధ్య తిరగడం. ఇక్కడ పోటీయే లేదు, బోర్డర్‌లెస్ గెలుస్తుంది. ఎక్స్‌క్లూజివ్‌లో ఆల్ట్-ట్యాబ్ కొట్టగానే ఏం జరుగుతుందో వరసగా చూస్తే ఎందుకో అర్థమవుతుంది. విండోస్ గేమ్‌కి "నువ్విక ముందు వరసలో లేవు" అని చెబుతుంది. గేమ్ మానిటర్ మీద హక్కు వదులుకుని కిందికి దిగిపోతుంది. గేమ్ రిజల్యూషన్ కానీ రిఫ్రెష్ రేటు కానీ డెస్క్‌టాప్‌కంటే వేరైతే మానిటర్ కొత్త సిగ్నల్‌కి సర్దుకోవాలి, ఆ సెకనో రెండు సెకన్లో తెర నల్లగా ఉంటుంది. హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపితే ఇంకాస్త ఎక్కువ. తిరిగి గేమ్‌లోకి వచ్చేటప్పుడు ఇదంతా మళ్లీ. డైరెక్ట్‌ఎక్స్ 9 గేములైతే పరిస్థితి ఇంకా కష్టం. అక్కడ ఎక్స్‌క్లూజివ్ పోతే గ్రాఫిక్స్ డివైసే పోయినట్టు. వీడియో మెమరీలో పెట్టుకున్న వాటిలో చాలా వాటిని వదిలేసి తిరిగి వచ్చాక మళ్లీ తయారుచేసుకోవాలి. ఆ పని జాగ్రత్తగా రాయని గేముల్లో తిరిగి వచ్చేసరికి నల్ల తెర, వెనక నుంచి పాట మాత్రం వినిపిస్తూ ఉంటుంది. "ఆల్ట్-ట్యాబ్ కొడితే చచ్చిపోతుంది" అన్న పేరు గేములకి వచ్చింది ఆ రోజుల్లోనే.

అలా ఇరుక్కున్నప్పుడు పవర్ బటన్ మీదికి పోవద్దు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది, కాని తరచుగా గేమ్ వెనకే దాక్కుంటుంది. అప్పుడు కంట్రోల్, విండోస్ కీ, డి కలిపి నొక్కితే విండోస్ కొత్త డెస్క్‌టాప్ ఒకటి తెరుస్తుంది. అక్కడ టాస్క్ మేనేజర్ తెరిచి గేమ్‌ని ముగించవచ్చు. గ్రాఫిక్స్ డ్రైవరే బిగుసుకుపోయిందనిపిస్తే విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నొక్కాలి. ఒక బీప్ వచ్చి డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది.

బోర్డర్‌లెస్‌లో ఆల్ట్-ట్యాబ్ మామూలు విండో మార్చినట్టే, వెంటనే అయిపోతుంది. రెండు మానిటర్లున్నవాళ్లకి ఇది వరం. పక్క తెర మీద మ్యాప్ చూసి వచ్చినా గేమ్ కిందికి దిగిపోదు. దీనికీ రెండు చిక్కులున్నాయి. మౌస్‌ని పట్టి ఉంచని గేముల్లో హడావిడిలో బాణం పక్క మానిటర్‌లోకి జారి, క్లిక్ అక్కడ పడుతుంది, ఇక్కడ మీ మనిషి నిలబడి చస్తాడు. రెండోది, మీరు బ్రౌజర్‌లో ఉన్నా వెనక గేమ్ పూర్తి వేగంతో గీస్తూనే ఉంటుంది, ల్యాప్‌టాప్ ఫ్యాన్ గోల ఆగదు. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో `Background Application Max Frame Rate` అన్నది 20కో 30కో పెట్టుకుంటే ఆ వేడి తగ్గుతుంది. జీటీఏ 5లో `Pause Game On Focus Loss` అని విడిగా ఒకటి ఉంది. లోడింగ్ నడుస్తుండగా వేరే పని చూసుకోవాలంటే దాన్ని ఆపి ఉంచాలి.

పాత గేములు బోర్డర్‌లెస్‌లో చేసే ఇంకో చిన్న అల్లరి చెప్పి తీర్పుకి వస్తాను. బ్రైట్‌నెస్ గీత ఎంత లాగినా వెలుగు మారదు. ఆ గేములు మొత్తం మానిటర్ రంగుల పట్టికనే మార్చి వెలుగు పెంచేవి. ఆ హక్కు ఎక్స్‌క్లూజివ్‌లోనే ఉంటుంది. చీకటి గదుల్లో ఏమీ కనబడటం లేదని గేమ్‌ని తిట్టుకునే ముందు ఇది గుర్తు చేసుకోవాలి.

విండోస్ 11 ఉండి, గేమ్ డైరెక్ట్‌ఎక్స్ 11 లేదా 12దైతే బోర్డర్‌లెస్ పెట్టి ఆ మీట వేసుకోండి. పోటీకి ఆడినా ఇదే నా సలహా, ప్రెజెంట్‌మాన్ ఫైల్లో `Independent Flip` కనబడితే ఇంకేమీ చేయక్కర్లేదు. డైరెక్ట్‌ఎక్స్ 9 గేములకీ, సాగదీసిన 4:3 కావాలనుకునేవాళ్లకీ ఎక్స్‌క్లూజివే నయం. విండోస్ 10లోనే ఉండి డైరెక్ట్‌ఎక్స్ 11 గేమ్ ఆడేవాళ్లు మెనూలో ఫుల్‌స్క్రీన్ పెట్టుకోవాలి. విండోస్ దాన్ని లోపల ఫ్లిప్‌లో నడిపినా నష్టం లేదు. ఒక పాత గేమ్ ఆ మార్పు వల్ల తడబడుతోందనిపిస్తేనే దాని ఎక్స్‌ఈ ఫైలు మీద కుడి క్లిక్ చేసి, Properties లో Compatibility కింద `Disable fullscreen optimizations` టిక్ పెట్టాలి. యూట్యూబ్ చూసి అన్ని గేములకీ ఆ టిక్ కొట్టేసినవాళ్లు వెళ్లి దాన్ని తీసేయండి. అన్నిటికంటే ముందు Settings లో Display, Advanced display తెరిచి `Choose a refresh rate` దగ్గర ఏముందో చూడండి. మానిటర్ 144ది అయి అక్కడ 60 ఉంటే, మీ ఆట కుదురుకోకపోవడానికి కారణం అదే.